‘ఇలాగైతే ఎలా?’ – మనకు తెలిసిన ప్రశ్నే, సరిగ్గా అడిగితే



పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్కూలు అయ్యాక ఆరున్నర వరకు స్టడీ అవర్ ఉంటుంది. పోయిన ఏడాది అది మొదలైన వారంలోనే ఇద్దరు నాన్నగార్లు వేర్వేరు రోజుల్లో నా దగ్గరికి వచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట: “మా పిల్లను నాలుగున్నరకే పంపించేయండి మేడమ్.” నేను ఇద్దరికీ ఒకే జవాబు ఇచ్చాను: “అందరికీ ఒకటే రూల్ అండి.” అందులో ఒకాయన గొంతు పెంచారు. ఫీజు కట్టేది మేమేనని గుర్తు చేశారు. నేను ఇంకొంచెం మర్యాదగా అదే జవాబు మళ్లీ చెప్పాను. ఆయన కోపంగా వెళ్లిపోయారు, నేను క్లాసుకి వెళ్లిపోయాను. అంతటితో ఇద్దరం ఆ విషయం గురించి ఆలోచించడం మానేశాం.

మరుసటి వారం ఒక అమ్మగారు వచ్చారు. ఆవిడ నన్ను ఏమీ చెయ్యమనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. “రెండో ట్రిప్ బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపేస్తాది మేడమ్. అక్కణ్నుంచి మా ఊరికి రెండు కిలోమీటర్లు, మధ్యలో బీల. మామూలు రోజుల్లో నేనెళ్లి తెచ్చుకుంటాను. మా మావగారికి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ రోజుల్లో నేను సోంపేట ఆస్పత్రిలోనే ఉండిపోతాను. పాప వాళ్ల నాన్న ఊర్లో ఉండరు. ఆ మూడు రోజులు చీకటి పడ్డాక పాప ఇంటికెలగొస్తాది మేడమ్?”

అని ఊరుకున్నారు.

రూల్ అందరికీ ఒకటే అని చెప్పడానికి నోరు తెరిచాను, కానీ ఆ మాట ఆవిడ అడిగిన దానికి జవాబు కాదు. ఆవిడ అడిగింది ‘ఎలా’ అని. నాకు తెలియకుండానే బస్సు రూట్ల కాగితం తీసి చూడటం మొదలుపెట్టాను. రెండో ట్రిప్పు ఆ ఊరి లోపలికి వెళ్లదు, నిజమే. మొదటి ట్రిప్పు వెళుతుంది. మరి స్టడీ అవర్? అప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. పొద్దున ఆ రూటు బస్సు స్కూలుకి 8:05కే వచ్చేస్తుంది. అసెంబ్లీ 8:45కి. ఆ నలభై నిమిషాలూ ఆ బస్సు పిల్లలు వరండాలో కూర్చుని ఉంటారు. స్టడీ అవర్‌లో అసలు ముఖ్యమైనది చివర్లో పెట్టే స్లిప్ టెస్ట్. పాప ఆ మూడు రోజులూ మొదటి ట్రిప్పులో ఇంటికి వెళ్లి, అక్కడ చదువుకుని, మర్నాడు పొద్దున ఆ నలభై నిమిషాల్లో స్టాఫ్ రూమ్‌లో కూర్చుని టెస్ట్ రాస్తే సరిపోతుంది.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. “పాప వెనకబడితే మనకెలా తెలుస్తుంది?” అని అడిగారు. ప్రతి శనివారం మూడు టెస్టుల మార్కులు డైరీలో రాసి అమ్మగారి సంతకం తీసుకుంటానని చెప్పాను. ఒప్పుకున్నారు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. పొద్దున బస్సు 8:05కి వస్తుందని, టెస్టే ముఖ్యమని ఆ అమ్మగారికి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. అవి నాకు తెలిసిన విషయాలు. నాన్నగార్లు ‘నాలుగున్నరకే పంపండి’ అన్నప్పుడు వాళ్లకు తెలిసిన ఒకే ఒక దారి నా ముందు పెట్టారు. ఆ దారి మూసేయడం నాకు తేలిక. అమ్మగారు దారి చెప్పలేదు. ఇబ్బంది ఏమిటో చెప్పి, దారి వెతికే పని నాకు అప్పగించారు. అందుకే నాకు తెలిసిన విషయాలు బయటికొచ్చాయి. ఆ ఇద్దరు నాన్నగార్ల పిల్లలకు కూడా ఇలాంటి దారి ఏదో ఉండే ఉంటుంది. వాళ్లు గొంతు పెంచారని కాదు, నేను వెతకలేదు కాబట్టి అది దొరకలేదు. ఆ తర్వాత ఇద్దరికీ ఫోన్ చేసి ఇబ్బంది ఏమిటని అడిగాను. ఆ పని మొదటి రోజే నేను చేసి ఉండాల్సింది.

ఈ పద్ధతికి ఒక పేరుంది

అమెరికాలో ఎఫ్‌బీఐ అనే దర్యాప్తు సంస్థలో క్రిస్ వాస్ అనే ఆయన కిడ్నాప్ కేసుల్లో బేరాలు మాట్లాడే అధికారిగా పనిచేశారు. 2016లో టాల్ రాజ్ అనే రచయితతో కలిసి తన అనుభవాలను పుస్తకంగా తెచ్చారు. అందులో ఆయన ఇలాంటి ప్రశ్నలకు ‘కాలిబ్రేటెడ్ క్వశ్చన్స్’ అని పేరు పెట్టారు.

ఆయన చెప్పిన కేసుల్లో ఒకటి పిట్స్‌బర్గ్ నగరంలో జరిగింది. మత్తుమందులు అమ్మే ఒకడి స్నేహితురాలిని, అదే వ్యాపారం చేసే ఇంకొకడు ఎత్తుకుపోయాడు. మనిషి బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి అంతకుముందు పోలీసులు ఒక పద్ధతి వాడేవారు. ఆ మనిషికి మాత్రమే జవాబు తెలిసిన చిన్న ప్రశ్న ఒకటి అడిగించేవారు, చిన్నప్పటి పెంపుడు కుక్క పేరులాంటిది. ఒక్క ముక్కలో జవాబు వచ్చేస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ఈ కేసులో ఆమె స్నేహితుడికి ఆ శిక్షణ ఏమీ లేదు. ఫోన్లో అవతలివాణ్ని మామూలుగా అడిగేశాడు, ఆమె క్షేమంగా ఉందని నాకెలా తెలుస్తుంది అని. అవతలివాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆమెకే ఫోన్ ఇస్తానన్నాడు. ఇమ్మని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వాడే ఆ దారికి వచ్చాడు. అంత పెద్ద సాయాన్ని ఒక ‘ఎలా’ రాబట్టిందని వాస్ అంటారు.

కిడ్నాపర్ల కథ మనకెందుకు అనిపించవచ్చు. దీన్నించి మనకు కావాల్సింది ఒక్కటే. ఎదుటివాళ్లను ఒక పని చెయ్యమంటే వాళ్లకు రెండే దారులుంటాయి, చేస్తాననడం, చెయ్యననడం. ‘ఎలా’ అని అడిగితే వాళ్లు ఆలోచించాలి. ఆలోచించి చెప్పిన మాట వాళ్ల సొంతం, కాబట్టి దాన్ని నిలబెట్టుకోవాలని వాళ్లకే ఉంటుంది.

ముల్లు సున్నా మీద ఉండాలి

కాలిబ్రేట్ చెయ్యడం అంటే కాటా సరిచూడటం. మన ఉద్దానంలో జీడి పిక్కలు అమ్మేటప్పుడు రైతు మొదట చూసేది అదే కదా. బస్తా పెట్టకముందే ముల్లు సున్నా మీద ఉందా లేదా అని. ఉత్త కాటాయే రెండు కిలోలు చూపిస్తుంటే ఇక తూకం నిజం కాదు. ప్రశ్న కూడా అంతే. అందులో ముందే మన కోపమో, మన జవాబో పెట్టేసి అడిగితే అది ప్రశ్న కాదు.

మన దగ్గర పిక్కల బేరంలోనే ఇది చూడొచ్చు. ఎనభై కిలోల బస్తాకి వ్యాపారి ఒక రేటు చెప్పాడనుకోండి. “ఇంతిస్తేనే ఇస్తాను” అంటే “అయితే పట్టుకుపోండి” అనడం అతనికి సులువు. అలా కాకుండా “ఎండబెట్టి, ఏరి తెచ్చిన పిక్కలండి ఇవి. ఈ రేటుకైతే ఏరిన కూలి డబ్బులైనా ఎలగొస్తాయండి?” అని అడిగి ఊరుకుంటే, అతను ఏదో ఒకటి విప్పి చెప్పాలి. తేమ ఎక్కువుందంటాడు, లేదా ఒకేసారి పది బస్తాలు తెస్తే రేటు చూద్దామంటాడు, లేదా వచ్చే వారం రమ్మంటాడు. ప్రతిసారీ రేటు పెరుగుతుందని కాదు. కానీ అతని లెక్క ఏమిటో మనకు తెలుస్తుంది. తేమే కారణమైతే ఇంకో రెండు రోజులు ఎండబెట్టవచ్చు. ‘పట్టుకుపోండి’ అన్న మాటతో మనం చేయగలిగింది ఏమీ లేదు.

అంటే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. సంతలో ప్రతివాళ్లూ ‘ఇలాగైతే ఎలా అండీ’ అనే మొదలుపెడతారు. మరి చిక్కెక్కడంటే, అదే మాటను ఇంట్లో పిల్లల దగ్గర మనం వేరేగా వాడతాం. “ఇలా చదివితే ఎలా పాసవుతావురా?” ఇందులోనూ ‘ఎలా’ ఉంది. కానీ మనకు జవాబు అక్కర్లేదు. పిల్లాడికి ఆ సంగతి తెలుసు. వాడు తల దించుకోవాలి, అంతే. అది ప్రశ్న వేషం వేసుకున్న తిట్టు. “ఎన్నిసార్లు చెప్పాలి?”, “ఏం చేస్తున్నావక్కడ?” కూడా అంతే. పుస్తకంలో చదివి ‘ఎలా’, ‘ఏమిటి’ అని అడిగినంత మాత్రాన పని జరగదు. తెలుగులో ఆ మాటలకు తిట్టే అలవాటు ముందే ఉంది.

‘ఎందుకు’ అయితే ఇంకా కష్టం. “మార్కులెందుకు తగ్గాయి?” అనగానే పిల్లలు సంజాయిషీ మొదలుపెడతారు. పేపర్ కష్టంగా ఇచ్చారు, సార్ చెప్పలేదు, జ్వరం వచ్చింది. అవి అబద్ధాలు కాకపోవచ్చు. కానీ అవన్నీ అయిపోయిన వాటి గురించే. “ఈ పేపర్లో ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావు?” అంటే కాగితం తిప్పి చూపిస్తారు.

ముల్లు సున్నా మీద ఉందో లేదో తెలుసుకోవడానికి నేను ఒకటే చూసుకుంటాను. ఈ ప్రశ్నకు ఎదుటివాళ్లు తప్పు ఒప్పుకోకుండా జవాబు చెప్పగలరా? చెప్పగలరంటే అడగొచ్చు. లేదంటే ఆ పూటకి ఊరుకోవడం మంచిది.

ప్రశ్నలో మూడు భాగాలు

ఆ అమ్మగారి మాటను మళ్లీ చూడండి. మొదట ఉన్న పరిస్థితి చెప్పారు: బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆస్పత్రికి ఎన్ని రోజులు వెళ్లాలి. నింద లేదు, లెక్క ఉంది. తర్వాత దాటకూడని గీత చూపించారు: చీకట్లో పాప ఒక్కతే బీల దాటకూడదు. ఆ తర్వాత ‘ఎలా’ అని ఒకే ఒక ప్రశ్న అడిగారు. దాని తర్వాత మౌనం.

ఈ మౌనమే మనకు అన్నిటికన్నా కష్టం. ప్రశ్న అడిగి మూడు సెకన్లు కాకముందే “పోనీ ఇలా చేస్తావా?” అని జవాబు మనమే అందించేస్తాం. అలా అందించగానే అది మళ్లీ మన డిమాండ్ అయిపోతుంది. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పిల్లలకైతే ఇరవై.

గీత చెప్పకుండా ప్రశ్న మాత్రమే అడగడం ఇంకో పొరపాటు. “ఫోన్ గురించి ఏం చేద్దాం?” అంటే “ఏం చెయ్యొద్దు” అని జవాబు వస్తుంది. అది న్యాయమైన జవాబే. మనకేది తప్పనిసరో మనమే చెప్పాలి. అది పిల్లలను అడిగి తేల్చుకునేది కాదు. ఆ గీత లోపల ఎలా సర్దుకోవాలన్నదే వాళ్లకు ఇచ్చే పని.

ఒక ఇంట్లో జరిగింది

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకరి సంగతి, వాళ్ల అమ్మగారి అనుమతితో, గుర్తుపట్టలేని విధంగా చెబుతున్నాను. నాన్నగారు హైదరాబాద్‌లో డ్యూటీ. ఇంట్లో ఒకటే ఫోన్. హోమ్‌వర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తుందని అబ్బాయి రాత్రి దాన్ని తీసుకుంటాడు, పన్నెండైనా ఇవ్వడు. “ఫోన్ ఇచ్చేయ్” అని ఆవిడ, “హోమ్‌వర్క్ అవ్వలేదు” అని వాడు. ఒకరోజు లాక్కున్నారు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు లెక్కల నోటు ఖాళీగా వచ్చింది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, “మీరైనా గట్టిగా చెప్పండి మేడమ్” అన్నారు. గట్టిగా చెప్పడం ఇంట్లో అయిపోయింది కదా అని, ఇద్దరం కూర్చుని డైరీ వెనక పేజీలో ఒక ప్రశ్న రాసుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం, భోజనం అయ్యాక, ఫోన్ ఎవరి చేతిలోనూ లేనప్పుడు ఆవిడ అడిగారు. “నీకు హోమ్‌వర్క్‌కి ఫోన్ కావాలి. నాన్న డ్యూటీ దిగి ఫోన్ చేసేది పదింటికి, అప్పటికి అది నా దగ్గరుండాలి. ఈ రెండూ ఎలా కుదురుతాయి బాబూ?”

“ఏమో, నాకేటి తెలుసు” అన్నాడు వాడు.

మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే. ఇది తిరస్కారం అనుకుని మనం వెంటనే పాత దారిలోకి వెళ్లిపోతాం. నిజానికి ఇంతవరకు వాణ్ని ఎవరూ ఇలా అడగలేదు, వాడి దగ్గర జవాబు సిద్ధంగా లేదు. ఆవిడ ఊరుకున్నారు. వాడు కాసేపాగి “కావాలంటే లాక్కో” అన్నాడు. ఆవిడ లాక్కోలేదు, కోప్పడలేదు. “లాక్కుంటే నీ హోమ్‌వర్క్ ఎలా అవుతాది మరి?” అని అడిగారు.

“హోమ్‌వర్క్ ఎనిమిదింటికే పెట్టేస్తారు.”

“మరి పదకొండింటి వరకు దేనికి ఆగాలి?”

ఇక్కడ వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు. ఆల్జీబ్రా మొదలైన దగ్గర్నుంచి లెక్కలు అర్థం కావడం లేదు. ఒక ఫ్రెండ్ పదకొండింటికి చేసి ఫోటోలు పెడతాడు. అవి చూసి రాసుకుని పడుకుంటున్నాడు.

చూశారా, అసలు గొడవ ఫోన్‌ది కాదు. రెండు నెలలుగా వాడికి లెక్కలు రావడం లేదు, ఆ సంగతి ఇంట్లోనూ తెలియదు, స్కూల్లోనూ తెలియదు. ఎందుకంటే నోటు ప్రతిరోజూ నిండుగానే వస్తోంది. ఫోన్ లాక్కునే ఇంట్లో ఆ విషయం పబ్లిక్ పరీక్షల ఏడాదిలో గానీ బయటపడదు.

దారి కూడా వాడే చెప్పాడు. ఎనిమిదింటికి హోమ్‌వర్క్ నోటులో రాసుకుని, అదే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అరగంట అడిగి చెప్పించుకుంటాడు. రాని లెక్కలకు నోటులో చుక్క పెట్టి వదిలేస్తాడు. మర్నాడు లంచ్‌లో లెక్కల సార్‌ని అడుగుతాడు. చుక్క పెట్టినవి ఖాళీగా ఉన్నా కొట్టకూడదు, తిట్టకూడదు. ఈ చివరి షరతు కోసం నేను లెక్కల సార్‌తో మాట్లాడాను.

‘సర్లే’ అన్న మాటను నమ్మకండి

దారి దొరికిందని అక్కడితో ఆపేస్తే అది వారం కూడా నిలవదు. “సర్లే అమ్మా” అంటారు పిల్లలు. మన దగ్గర ఆ మాటకు తరచూ ‘ఇక వదిలెయ్’ అనే అర్థం. “ట్రై చేస్తాను” అన్నా అంతే, చెయ్యనని మర్యాదగా చెప్పినట్టు. ఒప్పందం నిజమో కాదో తెలియాలంటే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఇది సాగడం లేదని మనకెలా తెలుస్తుంది? అప్పుడేం చేద్దాం?

ఆ అమ్మగారు ఇవి రెండూ అడిగారు. మొదటిదానికి “పది దాటినా ఫోన్ నా దగ్గరుంటే” అని, రెండోదానికి “మర్నాడు నేను ఫోన్ తీసుకోను, నువ్వే హోమ్‌వర్క్ చదివి చెప్పు” అని వాడన్నాడు. రెండో వారంలో క్రికెట్ మ్యాచ్ వచ్చింది, పది దాటింది. ఆవిడకు పాత మాటలన్నీ నోటి దాకా వచ్చాయట. వాటిని మింగేసి, “మనమేమనుకున్నాం?” అని మాత్రం అడిగారు. వాడు ఫోన్ ఇచ్చేశాడు. మర్నాడు ఆవిడే హోమ్‌వర్క్ చదివి వినిపించారు.

యూనిట్ టెస్టులో వాడికి లెక్కల్లో మార్కులు పెరగలేదు, తగ్గాయి. ఎందుకంటే ఇప్పుడు నోటులో ఉన్నది వాడి సొంత లెక్కే. కానీ ఏ చాప్టర్ దగ్గర నుంచి మొదలుపెట్టాలో సార్‌కి తెలిసింది. ఆ తర్వాతి టెస్టుకి పాసయ్యాడు.

ఎక్కడ అడగకూడదు

అన్నీ ప్రశ్నలుగా మార్చకూడదు. ప్రాణం మీదకొచ్చే వాటిలో ‘ఎలా చేద్దాం’ అనేది లేదు. పద్దెనిమిది నిండని పిల్లాడు బైకు తీసుకుంటానంటే, పెద్దవాళ్లు లేకుండా బారువ బీచ్‌లో స్నానానికి వెళ్తామంటే, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పాలి. అక్కడ ప్రశ్న అడిగితే బేరానికి చోటుందని వాళ్లకు అర్థమవుతుంది.

ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఇంత తెరిచిన ప్రశ్న బరువు. “స్నానం ముందా, హోమ్‌వర్క్ ముందా?” అని రెండింటిలో ఒకటి ఎంచుకోనిస్తే చాలు.

ఎదుటి మనిషి చేతిలో ఆ అధికారం లేనప్పుడు కూడా ఈ ప్రశ్న పనిచెయ్యదు. ఆఫీసు కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయిని “ఈ నెలలో ఫీజు మొత్తం నేనెలా కట్టగలను?” అని ఎంత చక్కగా అడిగినా ఆవిడ నిస్సహాయంగా చూస్తుంది తప్ప గడువు పెంచలేదు. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: “దీని గురించి నిర్ణయం తీసుకోగలిగేది ఎవరు? వాళ్లను కలవాలంటే నేనేం చెయ్యాలి?”

ఒకే కూర్చోవడంలో మూడు ప్రశ్నలకు మించితే అది పోలీసు విచారణ అవుతుంది. పిల్లలు ఒక్క ముక్కలో జవాబులివ్వడం మొదలుపెట్టారంటే ఆ హద్దు దాటామని గుర్తు. ఇక జవాబు మనసులో ముందే పెట్టుకుని, పిల్లల చేత అదే చెప్పించాలని ప్రశ్నలు వేస్తే వాళ్లు రెండో రోజుకే పసిగడతారు. మనం అనుకోని జవాబు వచ్చినా వింటామన్న మాట నిజమైతేనే అడగాలి.

మీటింగుకి వచ్చే ముందు

వచ్చే పేరెంట్స్ మీటింగులో మా టీచర్ల దగ్గర కూడా ఇలా అడిగి చూడండి. “మా వాడి మీద కొంచెం శ్రద్ధ పెట్టండి” అంటే మేము “తప్పకుండా అండి” అంటాం. అది కూడా ఒక రకం ‘సర్లే’నే. దానికి బదులు “మా వాడు క్లాసులో ఏ దగ్గర ఆగిపోతున్నాడు? ఇంట్లో రోజుకి అరగంట మాత్రమే కుదురుతుంది, దాన్ని ఎలా వాడమంటారు? నెల తర్వాత మారాడో లేదో మనకెలా తెలుస్తుంది?” అని అడగండి. అప్పుడు మేము మార్కుల షీటు పక్కనపెట్టి, ఆ పిల్లాడి నోటు తియ్యక తప్పదు.

మీ పరిస్థితిలో ఏదైనా ఇబ్బంది ఉంటే, ఆస్పత్రి కానీ బస్సు కానీ డ్యూటీ వేళలు కానీ, దాన్ని లెక్కతో సహా చెప్పండి. పరిష్కారం కూడా మీరే తేవాలని లేదు. డయాలసిస్ రోజుల్లో మొదటి ట్రిప్పు ఎక్కిన ఆ పాప మార్చి దాకా ప్రతి టెస్టూ స్టాఫ్ రూమ్‌లో నా ఎదురుగానే రాసింది. ఈ ఏడాది 8:05 బస్సు దిగే మిగతా పిల్లలకూ, రాసుకుంటామంటే, ఆ గది తెరిచే ఉంచుతున్నాం.